తెల్లవారుజామున రిఫ్రెష్: ఎవరి పేరుతో, ఏ సర్వర్ మీద?

మందుల డిస్ట్రిబ్యూషన్‌లో పొద్దున్నే జరిగే స్టాక్ మీటింగ్‌కి చాలా విలువుంటుంది. గడువు దగ్గరపడ్డ మందుల్ని ఏ డిపో నుంచి ఏ డిపోకి మళ్ళించాలో అక్కడే తేలుతుంది. నేను పనిచేసిన ఒక సంస్థలో ఓ సోమవారం ఆ మీటింగ్ నడుస్తుండగా రాజమండ్రి డిపో మేనేజరు ఫోన్‌లో అందుకున్నారు: "మేడమ్, ఈ ఇన్సులిన్ నూట నలభై వయల్స్ శుక్రవారమే వైజాగ్ పంపించేశామండీ. ఇంకా మా దగ్గరే ఉన్నట్టు చూపిస్తోందేంటి?"

తెర మీద రిపోర్టు రోజూలాగే ఉంది. రంగులున్నాయి, అంకెలున్నాయి, ఎక్కడా ఎర్ర గుర్తు లేదు. కింద మూలన చిన్న అక్షరాల్లో ఉన్న రిఫ్రెష్ తేదీ చూస్తే గురువారం తెల్లవారుజాము. విషయం తవ్వితే ఇలా తేలింది. ఆ రిపోర్టు కట్టిన సహోద్యోగి గురువారం ఉద్యోగం మానేశాడు. సాయంత్రానికి అతని అకౌంట్ మూసేశారు, అది సరైన పనే. రిఫ్రెష్ మాత్రం అతని లాగిన్ మీదే నడుస్తోంది. శుక్ర, శని, ఆది, సోమ వారాల్లో వరుసగా నాలుగుసార్లు ఫెయిలైంది. పవర్ బీఐలో వరుసగా నాలుగు ఫెయిల్యూర్లు వస్తే షెడ్యూల్ దానంతటదే ఆగిపోతుంది. ఫెయిలైన ప్రతిసారీ మెయిల్ కూడా వెళ్ళింది. ఆ మెయిల్ వెళ్ళేది రిపోర్టు ఓనర్‌కి, అంటే గురువారమే మూతపడ్డ మెయిల్‌బాక్స్‌కి.

ఆ సాయంత్రమే ఐటీ టీమ్‌కి నోట్ పెట్టాను: "స్టాక్ రిపోర్టు షెడ్యూల్డ్ రిఫ్రెష్ కోసం ఒక సర్వీస్ అకౌంట్, ఒక సర్వర్ స్లాట్ కావాలి. అర్జెంట్. అడ్మిన్ యాక్సెస్ ఇస్తే మంచిది." మూడు వారాలు అది కదల్లేదు. వాళ్ళు పట్టించుకోవట్లేదని అప్పుడు కోపం వచ్చింది. ఆ తర్వాత ఇలాంటి నోట్లు చాలా రాశాను, ఇతర టీమ్‌లు రాసినవి కూర్చుని సరిదిద్దాను. ఇప్పుడు నా నమ్మకం వేరు. నేను రాసిన మూడు వాక్యాల్లో ఐటీ వాళ్ళు నిర్ణయం తీసుకోడానికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. ఏం చదవాలి, ఎంత చదవాలి, ఎంతసేపు, ఏ వేళకి, తేడా వస్తే ఎవర్ని లేపాలి, ఎప్పుడు మూసేయాలి అన్నవేవీ చెప్పకుండా తాళాలు మాత్రం అడిగాను. ఈ వ్యాసంలో ఆ ప్రశ్నను మొదటినుంచీ చూస్తాను. కంపెనీ సర్వర్ గదిలో ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్, మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో పవర్ బీఐ, మధ్యలో గేట్‌వే. మన ఊళ్ళలో మధ్యతరహా కంపెనీల్లో ఎక్కువగా కనిపించే అమరిక ఇదే కాబట్టి దీన్నే తీసుకున్నాను.

ముందు గేట్‌వే అంటే ఏమిటో చెప్పుకోవాలి, ఎందుకంటే సర్వర్ స్లాట్ అన్న మాటలో సగం అర్థం అక్కడే ఉంది. క్లౌడ్‌లో ఉన్న పవర్ బీఐ మన సర్వర్ గదిలోకి నేరుగా తొంగి చూడలేదు. లోపల ఒక విండోస్ మెషీన్ మీద గేట్‌వే అనే సాఫ్ట్‌వేర్ సర్వీసుగా నడుస్తూ, తానే బయటికి కనెక్షన్ పెట్టుకుని, పని వచ్చిందా అని వింటూ ఉంటుంది. అయిదింటికి పని వస్తే డేటాబేస్‌ని అడిగి, వచ్చిన వరసల్ని పైకి పంపుతుంది. బయటినుంచి లోపలికి ఏ పోర్టూ తెరవక్కర్లేదు. ఈ ఒక్క వాక్యం నోట్‌లో ఉంటే సెక్యూరిటీ వాళ్ళ మొదటి అభ్యంతరం అక్కడే తీరుతుంది.

ఇప్పుడు ఎవరి పేరుతో అన్న ప్రశ్న. జనం మొదట పట్టుకునే దారి తమ సొంత లాగిన్. గేట్‌వేలో డేటా సోర్స్ పెట్టేటప్పుడు తమ విండోస్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టేస్తారు, ఆ రోజుకి పనైపోతుంది. కంపెనీ నియమం ప్రకారం తొంభై రోజులకో, అరవై రోజులకో పాస్‌వర్డ్ మారుస్తారు. గేట్‌వేలో దాచింది మాత్రం పాతదే. తెల్లవారి రిఫ్రెష్ పాత పాస్‌వర్డ్‌తో తలుపు తడుతుంది. అది పదేపదే తడితే మనిషి అకౌంటే లాక్ అవుతుంది. పొద్దున ఆఫీసుకొచ్చి లాగిన్ కాలేక హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసేవాళ్ళలో కొందరి కథ ఇదే. డొమైన్ కంట్రోలర్ లాగ్‌లో 4740 ఈవెంట్ తెరిస్తే, ఏ మెషీన్ నుంచి తప్పు పాస్‌వర్డ్ వచ్చిందో కనిపిస్తుంది. అక్కడ గేట్‌వే మెషీన్ పేరుంటే కారణం దొరికినట్టే.

రెండో దారి ల్యాప్‌టాప్ మీద పర్సనల్ మోడ్ గేట్‌వే. అది పెట్టుకున్న ఒక్కరికే పనికొస్తుంది, ల్యాప్‌టాప్ మేల్కొని ఉండాలి. ఒకరి బ్యాగులో ఇంటికెళ్ళే యంత్రం మీద పదకొండు డిపోల స్టాక్ ఆధారపడటం నాకు ఎన్నడూ నచ్చలేదు. మూడోది, ఎవరో ఒక మెషీన్‌లో టాస్క్ షెడ్యూలర్ పెట్టి ఎక్సెల్‌ని తెరిపించి రిఫ్రెష్ చేయించడం. మనిషి లేకుండా సర్వర్ మీద ఆఫీస్ ప్రోగ్రాముల్ని నడిపించడాన్ని మైక్రోసాఫ్టే సిఫారసు చేయదు, సపోర్టూ ఇవ్వదు. కారణం చిన్నది. ఎక్సెల్ ఏదో ఒక ప్రశ్న వేసి డైలాగ్ బాక్స్ పెడుతుంది, అర్ధరాత్రి ఓకే నొక్కడానికి అక్కడ ఎవరూ ఉండరు. మర్నాడు చూస్తే టాస్క్ ఇంకా నడుస్తున్నట్టే కనిపిస్తుంది.

ఇవన్నీ చూశాక మిగిలేది సర్వీస్ అకౌంట్, అంటే ఏ మనిషికీ చెందకుండా ఒక పనికి మాత్రమే చెందే అకౌంట్. ఐటీ వాళ్ళు దీన్ని ఇవ్వడానికి వెనకాడటం ఊరికే కాదు. సర్వీస్ అకౌంట్లు పుట్టినంత తేలిగ్గా పోవు. అడిగినవాడు బదిలీ అవుతాడు, పని ఆగిపోతుంది, అకౌంట్ మాత్రం పాస్‌వర్డ్ మారకుండా ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. దాడి చేసేవాళ్ళు వెతికేది కూడా వీటినే. డొమైన్‌లో ఏ మామూలు యూజరైనా, ఎస్‌పీఎన్ పెట్టిన అకౌంట్‌కి కెర్బరోస్ టికెట్ అడిగి తీసుకుని, తన మెషీన్ మీద తీరిగ్గా దాని పాస్‌వర్డ్‌ని ఊహించే పద్ధతి ఒకటుంది. టిమ్ మెడిన్ 2014లో దీన్ని అందరి ముందూ వివరించాడు, కెర్బరోస్టింగ్ అన్న పేరుతో అది స్థిరపడిపోయింది. పాస్‌వర్డ్ చిన్నదైతే దొరికిపోతుంది. కాబట్టి మన నోట్‌లో "ఈ అకౌంట్‌కి ఎస్‌పీఎన్ అవసరం లేదు, ఏ సర్వీసునీ ఇది నడపదు, డేటాబేస్ చదవడానికి మాత్రమే" అని రాస్తే అది చిన్నమాట కాదు. గేట్‌వే సర్వీసు తన సొంత అకౌంట్ `NT SERVICE\PBIEgwService` మీద నడుస్తుంది, దాని జోలికి మనం పోవక్కర్లేదు. ఈ రెంటినీ కలిపేసి, గేట్‌వే సర్వీసు అకౌంటే మార్చమని అడిగే నోట్లు నేను చూశాను. అలాంటివి మొదటి మలుపులోనే తప్పుదారి పడతాయి.

ఇక్కడ మా సర్వర్ టీమ్‌లోని సీనియర్ ఒకాయన ఒక మంచి ప్రశ్న వేశారు. "మేడమ్, మామూలు అకౌంట్ ఎందుకండీ? జీఎంఎస్‌ఏ ఇస్తాం. పాస్‌వర్డ్ ముప్పై రోజులకోసారి డొమైనే మార్చుకుంటుంది, మీకూ నాకూ తెలియనే తెలియదు." మాట బాగుంది. విండోస్ సర్వీసులకీ, సర్వర్ మీద నడిచే షెడ్యూల్డ్ టాస్కులకీ ఆ రకం అకౌంట్ చక్కగా సరిపోతుంది. గేట్‌వేలో డేటా సోర్స్‌కి మాత్రం యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టి సేవ్ చేయాలి. ఎవరికీ తెలియని పాస్‌వర్డ్‌ని ఎవరు కొడతారు? అందుకని మామూలు డొమైన్ అకౌంటే తీసుకుని, దానికి నాలుగు కట్టుబాట్లు పెట్టుకున్నాం. పాస్‌వర్డ్ ముప్పై రెండు అక్షరాలది, యాదృచ్ఛికంగా పుట్టించినది, వాల్ట్‌లో ఉంటుంది. నేను దాన్ని చూడను, గేట్‌వే అడ్మినే కొడతారు. రిమోట్ డెస్క్‌టాప్‌లో ఆ పేరుతో ఎవరూ లాగిన్ కాకుండా మూసేస్తారు. తొంభై రోజుల గడువు నుంచి మినహాయింపు ఇస్తారు, బదులుగా ఏడాదికోసారి ముందే అనుకున్న రోజున, ఇద్దరం కూర్చుని మారుస్తాం.

లాగిన్ రకాల్ని మూసేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. సెక్యూరిటీ వాళ్ళు అత్యుత్సాహంతో అన్నీ ఒకేసారి మూసేస్తే, "the user has not been granted the requested logon type at this computer" అన్న తప్పుతో రిఫ్రెష్ ఆగిపోవచ్చు. పాస్‌వర్డ్ సరైనదే, అకౌంట్ బతికే ఉంది, అయినా తలుపు తెరుచుకోదు. ఒక్కొక్కటిగా మూసి, మూసిన ప్రతిసారీ చేత్తో ఒక రిఫ్రెష్ నడిపి చూడటమే దీనికి మార్గం.

ఇక అనుమతులు. ఎక్కువమంది "ఏదీ ఫెయిల్ కాకుండా" అని db_owner అడుగుతారు. కాస్త తగ్గినవాళ్ళు db_datareader అడుగుతారు. చదవడమే కదా అనిపిస్తుంది గానీ, అది ఆ డేటాబేస్‌లో ఉన్న ప్రతి టేబులూ చదువుతుంది. మా డేటాబేస్‌లో స్టాక్ పక్కనే మెడికల్ షాపుల బ్యాంకు వివరాలున్న టేబుల్ ఉండేది. స్టాక్ రిపోర్టుకి దానితో పనేంటి? అందుకని డీబీఏ చేత `rpt` అని వేరే స్కీమా పెట్టించి, అందులో మాకు కావలసిన వ్యూలు మాత్రమే కట్టించుకున్నాం. అనుమతి ఆ స్కీమా వరకే:

```sql
CREATE LOGIN [CORP\svc_stockrefresh] FROM WINDOWS;
USE StockDB;
CREATE USER [CORP\svc_stockrefresh]
    FOR LOGIN [CORP\svc_stockrefresh];
GRANT SELECT ON SCHEMA::rpt
    TO [CORP\svc_stockrefresh];
```

కింద ఉన్న అసలు టేబుళ్ళ మీద ఈ అకౌంట్‌కి ఏ హక్కూ లేదు. వ్యూకీ టేబుల్‌కీ ఓనర్ ఒకరే అయితే, ఒకే డేటాబేస్‌లో ఉన్నంతవరకు, వ్యూ మీద హక్కు ఉంటే చాలు. దీన్ని ఓనర్‌షిప్ చెయినింగ్ అంటారు. వ్యూ ఇంకో డేటాబేస్‌లోకి చేయి చాపితే ఆ గొలుసు మామూలుగా తెగిపోతుంది, అది ముందే డీబీఏని అడిగి తెలుసుకోవాలి. ఇంకో చిన్న సంగతి: యాక్టివ్ డైరెక్టరీలో యూజర్ లాగాన్ పేరు పాత పద్ధతిలో ఇరవై అక్షరాలు దాటకూడదు. పని పేరంతా గుచ్చి పొడవైన పేరు అడిగితే వాళ్ళు దాన్ని సగంలో కోసి ఇస్తారు, రెండేళ్ళ తర్వాత అది దేనికో ఎవరికీ అర్థం కాదు.

స్లాట్ సంగతి ఇంతకంటే లోతుగా ఉంది. నేను మొదట స్లాట్ అంటే ఒక కొత్త సర్వర్ అనుకున్నాను. ఆ సీనియర్ ఒక రోజు నన్ను పిలిచి గేట్‌వే మెషీన్‌లో టాస్క్ మేనేజర్ చూపించారు. అప్పటికే అక్కడ ఫైనాన్స్ వాళ్ళ గేట్‌వే నడుస్తోంది. ఎనిమిది కోర్లు, పదహారు జీబీ మెమరీ. మైక్రోసాఫ్ట్ సిఫారసు చేసేది ఎనిమిది కోర్లు, ఎనిమిది జీబీ. అంటే చోటుంది. కొత్త మెషీన్ అక్కర్లేదు, ఉన్న గేట్‌వేలో ఒక డేటా సోర్స్ చాలు. మీ నోట్ రాసేముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: మనకి ఇప్పటికే గేట్‌వే ఉందా, నాకు కావలసిన వేళకి అది ఎంత ఖాళీగా ఉంది?

ఆయన చూపించింది ఇంకొకటి కూడా. చేత్తో మా రిఫ్రెష్ నడిపిస్తుంటే `Microsoft.Mashup.Container.NetFX45.exe` అన్న ప్రాసెస్ మెమరీ ఒకటిన్నర, మూడు, అయిదు జీబీలు అంటూ పెరుగుతూనే ఉంది. "ఇది మీదేనండీ," అన్నారు. ఆ మాటకి సిగ్గేసింది, ఎందుకంటే కారణం నా క్వెరీలోనే ఉంది. డిస్పాచ్ వ్యూలో మూడేళ్ళవి అరవై రెండు లక్షల వరసలు. దానికి నేను డిపో కోడ్‌ల ఎక్సెల్ ఫైల్ ఒకటి ముందే జతచేసి, ఆ తర్వాత తేదీ ఫిల్టర్ పెట్టాను. ఎక్సెల్ కలిసిన క్షణం నుంచీ ఆ పనిని డేటాబేస్‌కి అప్పగించే వీలు పోయింది. వరసలన్నీ గేట్‌వే మెమరీలోకి వచ్చి పడి, అక్కడ జల్లెడ పట్టడం మొదలైంది. పవర్ క్వెరీలో ఒక స్టెప్ మీద రైట్ క్లిక్ చేస్తే View Native Query వెలిగి ఉందా, మసకబారిందా చూడండి. మసకబారిన చోటు నుంచి బరువంతా చాలావరకు గేట్‌వే మీద పడుతున్నట్టు. డిపో కోడ్‌లని డేటాబేస్‌లోనే ఒక చిన్న టేబుల్‌గా పెట్టించి, జతచేసే పనిని వ్యూలోకి మార్చాం. మెమరీ ఒక జీబీ దాటలేదు.

తర్వాత మిగిలిన భారం కూడా తగ్గించాం. అరవై రెండు లక్షల్లో రోజుకి కొత్తగా చేరేవి దాదాపు ఆరు వేలు. పాతవాటిని రోజూ మళ్ళీ మోయడం ఎందుకు? `RangeStart`, `RangeEnd` అన్న రెండు పారామీటర్లతో ఇంక్రిమెంటల్ రిఫ్రెష్ పెట్టి, చివరి పదిహేను రోజులు మాత్రమే కొత్తగా చదివించాం. పదిహేను రోజులు ఎందుకంటే, డిపోల వాళ్ళు వెనక్కి వెళ్ళి బిల్లులు సరిచేయడానికి మా సంస్థలో ఉన్న గడువు అంత. ముప్పై నాలుగు నిమిషాలు పట్టే రిఫ్రెష్ అయిదు నిమిషాలకి వచ్చింది. ఐటీ వాళ్ళని స్లాట్ అడిగేముందు ఈ పని చేసుకుని ఉంటే మూడు వారాల గొడవ సగం తగ్గేది. అరగంట అడిగేవాడి నోట్, అయిదు నిమిషాలు అడిగేవాడి నోట్ వాళ్ళ బల్ల మీద ఒకేలా ఉండవు.

ఇక వేళ. మెషీన్‌లో చోటు ఒకటి, రాత్రిలో చోటు ఇంకొకటి. డీబీఏతో కూర్చుని రాత్రిని గంటల వారీగా కాగితం మీద గీశాం. డిపోల్లో బిల్లింగ్ పదకొండింటి దాకా నడుస్తుంది. పదకొండున్నరకి ఫుల్ బ్యాకప్ మొదలై ఒంటిగంటంబావుకి అవుతుంది. ఒకటిన్నర నుంచి మూడు దాకా ఇండెక్స్ మరమ్మతు. మూడుంబావుకి పదకొండు డిపోల డేటాని ఒకచోట చేర్చే జాబ్, నాలుగూ ఇరవైకి ముగుస్తుంది. ఆరింటికి ఫైనాన్స్ వాళ్ళ రిఫ్రెష్‌లు. ఏడున్నరకి డిపోలు తెరుస్తారు. పవర్ బీఐలో షెడ్యూల్ గంటకో, అరగంటకో మాత్రమే పెట్టగలం. ప్రో లైసెన్స్‌లో రోజుకి ఎనిమిదిసార్లు, ప్రీమియంలో నలభై ఎనిమిది. చెప్పిన వేళకి కచ్చితంగా మొదలవుతుందనీ లేదు, కాస్త ఆలస్యం కావచ్చు. నాలుగున్నర అయితే చేర్చే జాబ్‌కి మరీ దగ్గర, ఆరు వేరేవాళ్ళది. అయిదు తీసుకున్నాం.

సెట్టింగ్‌లో టైమ్ జోన్ పెట్టడం మరవకండి. దాన్ని యూటీసీ మీద వదిలేసి అయిదు అని పెడితే మనకి అది పదిన్నర. బిల్లింగ్ జోరుగా సాగే వేళ. మామూలు సెట్టింగుల్లో ఉన్న ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో చదివేవాడు కూడా రాసేవాడిని కాసేపు ఆపగలడు. కౌంటర్ దగ్గర బిల్లు తిరుగుతూ ఉండిపోతే, దాని కారణం ఎక్కడో హైదరాబాద్‌లో ఒక రిపోర్టు రిఫ్రెష్ అని ఆ కౌంటర్ మనిషికి తోచే అవకాశమే లేదు.

పరీక్షగా పెట్టుకున్న అయిదు గంటల స్లాట్ మూడు వారాలు నడిచాక మొదటిసారి నేను భయపడ్డాను, అదీ ఏ ఫెయిల్యూరూ లేకుండా. ఒక ఆదివారం రిపోర్టులో పదకొండు డిపోలకి గాను ఏడింటికే శనివారం డిస్పాచ్‌లు ఉన్నాయి. రిఫ్రెష్ చరిత్రలో Completed అని పచ్చగా ఉంది. ముందటి ఆదివారాలు వెతికితే అవీ అంతే. డీబీఏ గీసిన కాగితంలో లేని సంగతి ఒకటి బయటపడింది: ఆదివారం ఇండెక్స్ మరమ్మతు నాలుగున్నర దాకా నడుస్తుంది, దాంతో చేర్చే జాబ్ ఆలస్యంగా మొదలై ఆరుకి కాస్త ముందు ముగుస్తుంది. మా రిఫ్రెష్ అయిదింటికి వచ్చి సగం నిండిన గిన్నెని ముంచుకుని, పని విజయవంతమని చెప్పి వెళ్ళిపోతోంది.

ఈ మొత్తం విషయంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. రిఫ్రెష్ అయిన వేళ వేరు, డేటా ఎంతవరకు ఉందన్నది వేరు. రిపోర్టు మూలన మొదటిదాన్ని చూపిస్తే, అబద్ధం చెప్పకుండానే మోసపుచ్చుతుంది. మేము డీబీఏని `rpt.LoadStatus` అని ఇంకో వ్యూ అడిగాం. డిపోకి ఒక వరస, ఏ తేదీ ఏ వేళ దాకా డేటా చేరిందో అందులో ఉంటుంది. రిపోర్టు పైన పెద్ద అక్షరాల్లో "11లో 7 డిపోలు చేరాయి" అని వస్తుంది. ఇక ఆదివారం సంగతికి, పవర్ బీఐలో రోజుకో వేళ వేరుగా పెట్టే వీలు లేదు, ఎంచుకున్న రోజులన్నిటికీ అవే వేళలు. అందుకని ఆరున్నరకి రెండో స్లాట్ అడిగాం. ఆదివారం అది పనికొస్తుంది, మిగతా రోజుల్లో అయిదింటిది ఫెయిలైతే ఆదుకుంటుంది. అయిదు నిమిషాల పని కాబట్టి వాళ్ళు ఒప్పుకున్నారు.

అలా చివరికి నిలిచిన నోట్ ఇది. ఆఫీసులో ఇంగ్లీషులో ఉండేది, ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

"గ్రహీతలు: సర్వర్ టీమ్, డీబీఏ, సెక్యూరిటీ. పని: స్టాక్ రిపోర్టు రోజువారీ రిఫ్రెష్. ఇప్పటిదాకా ఒక ఉద్యోగి లాగిన్‌తో నడిచేది, ఆయన వెళ్ళిపోవడంతో నాలుగు రోజులు ఆగింది, పాత స్టాక్ చూసి సరుకు మళ్ళించే నిర్ణయాలు జరిగాయి. అడుగుతున్నది: `svc_stockrefresh` అనే ఒక డొమైన్ అకౌంట్. StockDBలో rpt స్కీమాలోని మూడు వ్యూలు చదవడానికి మాత్రమే. రాయదు, ఎస్‌పీఎన్ అక్కర్లేదు, ఏ మెషీన్‌లోనూ మనిషి దీనితో లాగిన్ కాడు. పాస్‌వర్డ్ వాల్ట్‌లో మీ దగ్గరే ఉంటుంది, గేట్‌వేలో మీరే కొట్టాలి. ఏటా జూన్ మొదటి బుధవారం మారుద్దాం, ఆ రోజు మా వైపునుంచి ఒకరు కూర్చుంటారు. సర్వర్: ఇప్పుడున్న గేట్‌వేలోనే ఒక డేటా సోర్స్ చాలు. బయటినుంచి లోపలికి పోర్టులు తెరవనక్కర్లేదు. వేళ: భారత కాలమానం 5:00, 6:30. పరీక్షలో పట్టిన సమయం అయిదు నిమిషాలు, గేట్‌వే మెమరీ ఒక జీబీలోపు, చదివే వరసలు సుమారు లక్షా ముప్పై వేలు. పదిహేను నిమిషాలు దాటితే ఆపేయండి, మమ్మల్ని అడగక్కర్లేదు. ఫెయిలైతే మెయిల్ మా గ్రూప్ మెయిల్‌కి రావాలి, ఒక వ్యక్తికి కాదు. ఓనర్: స్టాక్ అనలిటిక్స్ హెడ్ పదవి. ఆయన లేనప్పుడు డిస్ట్రిబ్యూషన్ మేనేజర్. అవసరం ఏడాది వరకు. ఆ తర్వాత మేము రాతపూర్వకంగా పొడిగించమని అడగకపోతే అకౌంట్ మూసేయండి."

దీనికి నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. "అడగక్కర్లేదు, ఆపేయండి" అన్న వాక్యం చూసి సంతకం పెట్టానని డీబీఏ తర్వాత చెప్పారు. రాత్రిపూట తన సర్వర్ మీద పరాయి పని ఎక్కువ నడిస్తే నిర్ణయం తన చేతిలో ఉందన్న భరోసా ఆయనకి కావలసింది.

అనుమతి వచ్చాక పరీక్షించిన తీరు కూడా చెప్పాలి. అకౌంట్ పనిచేస్తోందని ఒకసారి చేత్తో రిఫ్రెష్ చేసి సంతృప్తి పడలేదు. గేట్‌వే మెషీన్‌ని రీస్టార్ట్ చేయించి, ఎవరూ లాగిన్ కాకముందే రిఫ్రెష్ నడుస్తుందో లేదో చూశాం. ఆ తర్వాత కావాలనే తప్పు పాస్‌వర్డ్ పెట్టించి, ఫెయిల్యూర్ మెయిల్ గ్రూప్‌కి వస్తుందో లేదో చూశాం. మొదటిసారి రాలేదు. గ్రూప్ మెయిల్ జాబితాలో చేర్చడం మరచిపోయారు. ఆ పరీక్ష చేయకపోతే మళ్ళీ గురువారం కథే.

ఫెయిలైనప్పుడు కారణం తెలుసుకోడానికి పవర్ బీఐ చూపించే సందేశం ఒక్కటీ చాలదు. లాగిన్ కుదరకపోతే అవతలికి 18456 అన్న నంబర్ మాత్రమే వెళ్తుంది, కావాలనే వివరం దాస్తుంది. అసలు కారణం ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎర్రర్ లాగ్‌లో State అన్న చోట ఉంటుంది. అయిదు అంటే ఆ పేరుతో లాగినే లేదు. ముప్పై ఎనిమిది అంటే లాగిన్ ఉంది గానీ అడిగిన డేటాబేస్ తెరవలేకపోయింది, డేటాబేస్ పేరు తప్పైనా, దానిలోకి అనుమతి లేకపోయినా ఇదే. ఎనిమిది అంటే పాస్‌వర్డ్ తప్పు, అది ఎస్‌క్యూఎల్ లాగిన్ల విషయంలో వస్తుంది. మనలాగా విండోస్ అకౌంట్ వాడితే తప్పు పాస్‌వర్డ్ సంగతి డేటాబేస్ దాకా వెళ్ళకుండానే ఆగి, విండోస్ సెక్యూరిటీ లాగ్‌లో 4625గా కనిపిస్తుంది. అంటే ఎస్‌క్యూఎల్ లాగ్‌లో ఏమీ లేకపోవడం కూడా ఒక ఆధారమే. ఈ రెండు లాగ్‌లలో ఏది ముందు చూడాలో నోట్‌కి జతగా రాసిపెట్టాం, ఆదివారం డ్యూటీలో ఉన్న కుర్రవాడికి అదే పనికొచ్చింది.

డేటా కూడా క్లౌడ్‌లోనే ఉన్న సంస్థలకి ఈ సమస్యలో చాలా భాగం ఉండదు. అక్కడ గేట్‌వే అక్కర్లేదు, మనిషి అకౌంట్‌కి బదులు సర్వీస్ ప్రిన్సిపల్ వాడతారు. అయితే దాని సీక్రెట్‌కీ గడువుంటుంది, గడువు తేదీ ఎవరి క్యాలెండర్‌లో ఉందన్న ప్రశ్న అక్కడా వస్తుంది.

ఒక అకౌంట్ ఒక పనికే అన్న నియమం మీద మాత్రం నేను చివరిదాకా పట్టుబట్టాను. మా అకౌంట్ బాగా నడుస్తోందని చూసి సేల్స్ వాళ్ళు, "అదే వాడుకుంటాం మేడమ్, మళ్ళీ నోట్ ఎందుకు?" అన్నారు. ఒప్పుకుని ఉంటే జూన్‌లో పాస్‌వర్డ్ మార్చిన రోజున, గేట్‌వేలో మేము మా డేటా సోర్స్ ఒక్కటే సరిచేసి వెళ్ళిపోయేవాళ్ళం. వాళ్ళ రిఫ్రెష్ పాత పాస్‌వర్డ్‌తో తడుతూ మా అకౌంట్‌ని లాక్ చేసేది. నా నోట్‌నే వాళ్ళకి ఇచ్చి, పేర్లూ అంకెలూ మార్చుకుని రాయమన్నాను. వాళ్ళ రిఫ్రెష్ నలభై నిమిషాలు పడుతోందని అది రాసేటప్పుడే వాళ్ళకి తెలిసింది.

ఏడాది తిరిగాక సర్వర్ టీమ్ నుంచి మెయిల్ వచ్చింది: గడువు వస్తోంది, పొడిగించాలా అని. జవాబు రాసేముందు మూడు వ్యూలూ చూశాం. రెండు రోజూ వాడుతున్నాం, LoadStatus కూడా. రిటర్నుల కోసం మధ్యలో అడిగి చేర్పించుకున్న నాలుగోది ఒకటి ఉంది, ఆ పేజీని రిపోర్టు నుంచి తీసేసి అయిదు నెలలైంది. మూడింటికే పొడిగించమనీ, నాలుగో వ్యూ తీసేయమనీ రాసి పంపాను.